లివర్ చెడితే ఏ డోస్ తగ్గాలి? థియోఫిలిన్‌తో ఒక లెక్క

ప్రశ్న: మేడమ్ గారూ, నేను బీ ఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. లోడింగ్ డోస్, మెయింటెనెన్స్ డోస్ సూత్రాలు బట్టీ పట్టాను గానీ, లెక్క ఇచ్చేసరికి ఎక్కడ వాల్యూమ్ వేయాలో ఎక్కడ క్లియరెన్స్ వేయాలో తారుమారైపోతోంది. లివర్ చెడిన రోగికి రెండు డోసులూ తగ్గించాలా, ఒకటి తగ్గిస్తే చాలా అని వైవాలో అడిగితే నోరు పెగల్లేదు. మొదటినుంచి ఒక లెక్క చేసి చూపిస్తారా? — విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మా, వైవా ప్రశ్న సంగతి ముందు తేల్చేద్దాం. లివర్ చెడితే, ఆ మందును బయటికి పంపేది లివరే అయితే, మెయింటెనెన్స్ డోస్ తగ్గించాలి. లోడింగ్ డోస్ మాత్రం సాధారణంగా అలాగే ఉంటుంది. కారణం లెక్కలోనే ఉంది, కాబట్టి లెక్క చేద్దాం.

ఇందుకు థియోఫిలిన్ తీసుకుంటాను. ఆస్తమా, సీఓపీడీ రోగులకు ఇప్పుడు ముందుగా ఇచ్చేది ఇది కాదు. ముందు సాల్‌బ్యుటమాల్ నెబ్యులైజేషన్, స్టెరాయిడ్లు ఇస్తారు. అయినా ఈ లెక్క నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మందు నాకు కనబడదు. అంకెలు గుండ్రంగా ఉంటాయి, లివర్ మీద ఆధారపడుతుంది, కొంచెం ఎక్కువైతే విషమవుతుంది.

రోగి బరువు 60 కిలోలు, పొగ తాగడు, లివర్, గుండె బాగున్నాయి అనుకుందాం. మామూలు పెద్దవాళ్లలో థియోఫిలిన్ వాల్యూమ్ ఆఫ్ డిస్ట్రిబ్యూషన్ కిలోకు సుమారు 0.5 లీటరు. క్లియరెన్స్ గంటకు కిలోకు సుమారు 0.04 లీటరు. రక్తంలో లీటరుకు 10 మిల్లీగ్రాములు నిలబెట్టాలని మన ఉద్దేశం. పాత పుస్తకాల్లో 10 నుంచి 20 దాకా మంచి స్థాయి అని ఉంటుంది. ఇప్పుడు చాలామంది 5 నుంచి 15 మధ్య ఉంచితే చాలంటారు. 10 ఎవరి లెక్కలోనైనా ఇముడుతుంది.

మొదటి పని, కిలోకు ఇచ్చిన అంకెలను ఈ రోగి అంకెలుగా మార్చడం.

```
V  = 0.5 L/kg × 60 kg     = 30 L
CL = 0.04 L/h/kg × 60 kg  = 2.4 L/h
```

పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. కొన్ని పుస్తకాల్లో క్లియరెన్స్‌ను నిమిషానికి కిలోకు 0.65 మిల్లీలీటరు అని ఇస్తారు. దాన్ని 60 నిమిషాలతో గుణిస్తే గంటకు 39 మిల్లీలీటర్లు, అంటే 0.039 లీటరు. అదీ మన 0.04 కూ పెద్ద తేడా లేదు. యూనిట్ మార్చకుండా 0.65 నే నేరుగా వేస్తే డోస్ పదహారు రెట్లు తేలుతుంది. పరీక్షలో అయితే మార్కులు పోతాయి, వార్డులో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

రెండో పని లోడింగ్ డోస్. ఇక్కడ మనం అడిగే ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు ఖాళీగా ఉన్న ఒంట్లో లీటరుకు 10 మిల్లీగ్రాములు కనబడాలంటే ఎంత మందు వేయాలి? ఒంట్లో 30 లీటర్లు ఉన్నట్టు మందు ప్రవర్తిస్తుంది. ప్రతి లీటరులోనూ 10 మిల్లీగ్రాములు ఉండాలి. అంటే 300 మిల్లీగ్రాములు కావాలి. అంతే. అందులో క్లియరెన్స్‌కు చోటే లేదు. గంటకు ఎంత పోతుందన్నది ఈ ప్రశ్నలో లేదు కదా.

```
LD = C × V = 10 mg/L × 30 L = 300 mg
```

యూనిట్లు గమనించు. లీటరుకు మిల్లీగ్రాములను లీటర్లతో గుణిస్తే లీటరు కొట్టుకుపోయి మిల్లీగ్రాములు మిగిలాయి. లోడింగ్ డోస్ అంటే ఒక్కసారి ఇచ్చే మొత్తం కాబట్టి జవాబు మిల్లీగ్రాముల్లోనే రావాలి. పొరపాటున క్లియరెన్స్‌తో గుణిస్తే గంటకు మిల్లీగ్రాములు వస్తాయి. అప్పుడే తెలిసిపోతుంది, తప్పు అంకె వేశావని. సూత్రం మరిచిపోయినా యూనిట్లు నిన్ను దారిలో పెడతాయి. తారుమారు కాకుండా ఉండటానికి నేను చెప్పగలిగిన ఒకే ఒక ఉపాయం ఇది.

ఆ 30 లీటర్లు ఒంట్లో ఎక్కడో ఉన్న నిజమైన నీళ్లు అనుకోకు. ఇచ్చిన మందును రక్తంలో కనబడిన సాంద్రతతో భాగిస్తే వచ్చిన అంకె అది. డిగాక్సిన్‌కు అది కిలోకు 7 లీటర్ల దాకా ఉంటుంది. 60 కిలోల మనిషిలో 420 లీటర్లు పట్టవు కదా. మందు కండరాల్లో, గుండెలో అంటుకుని రక్తంలో కొంచెమే మిగిలినందువల్ల ఆ అంకె అంత పెద్దదయింది.

ఇప్పుడు చేతికి వచ్చేది థియోఫిలిన్ కాదు, అమినోఫిలిన్ ఆంప్యూల్. థియోఫిలిన్ నీళ్లలో సరిగా కరగదు కాబట్టి ఇథిలీన్‌డయమీన్‌తో కలిపి ఇంజెక్షన్ చేస్తారు. అందులో థియోఫిలిన్ పాలు సుమారు 80 శాతం. ఆ 0.8 నే సాల్ట్ ఫ్యాక్టర్ అంటారు. సూత్రంలో దాన్ని `S` అని రాస్తారు. నోటితో ఇస్తే ఎంత భాగం రక్తంలోకి చేరుతుందో చెప్పే బయో అవైలబిలిటీ `F`. నరంలోకి ఇచ్చేటప్పుడు అది 1.

```
LD = C × V / (S × F) = 300 / (0.8 × 1) = 375 mg
```

భాగించాలా, గుణించాలా అని సందేహం వస్తే ఇలా ఆలోచించు. అమినోఫిలిన్‌లో అసలు మందు తక్కువ ఉంది కాబట్టి ఎక్కువ ఇవ్వాలి. జవాబు 300 కంటే పెద్దది రావాలి. 240 వచ్చిందంటే గుణించేశావన్నమాట. ఆంప్యూల్‌లో 10 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉంటే, 375 అంటే 15 మిల్లీలీటర్లు, ఒకటిన్నర ఆంప్యూల్.

దీన్ని గబుక్కున తోయకూడదు. మన లెక్క మందు 30 లీటర్లంతా పరుచుకున్నాక ఏమవుతుందో చెబుతుంది. పరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపు అంతా చిన్న చోటే ఉంటుంది, గుండె, మెదడు లీటరుకు 10 కంటే చాలా ఎక్కువ చూస్తాయి. వేగంగా ఇస్తే బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం, గుండె ఆగిపోవడం కూడా జరిగాయి. అందుకే సెలైన్‌లోనో డెక్స్‌ట్రోజ్‌లోనో కలిపి 20 నుంచి 30 నిమిషాల పాటు ఎక్కిస్తారు. లెవల్ చూడటానికి రక్తం కూడా మందు ఎక్కించడం పూర్తయ్యాక అరగంట ఆగి తీస్తారు.

మూడో పని మెయింటెనెన్స్ డోస్. ఇప్పుడు ప్రశ్న మారింది: లీటరుకు 10 దగ్గర ఉన్నప్పుడు గంటకు ఎంత మందు ఒంట్లోంచి పోతోంది? పోయినంత తిరిగి పోస్తే స్థాయి కదలదు. గంటకు 2.4 లీటర్ల రక్తం మందు లేకుండా శుభ్రపడుతోంది, ఆ ప్రతి లీటరులోనూ 10 మిల్లీగ్రాములు ఉన్నాయి. కాబట్టి గంటకు 24 మిల్లీగ్రాములు పోతున్నాయి.

```
MD = C × CL / (S × F)
   = 10 mg/L × 2.4 L/h / 0.8
   = 30 mg/h
```

ఇక్కడ వాల్యూమ్ ఎక్కడా లేదు చూశావా. ఒంట్లో మందు ఎన్ని లీటర్లలో పరుచుకున్నా, గంటకు శుభ్రపడేది 2.4 లీటర్లే. డ్రిప్‌లో 500 మిల్లీలీటర్లకు 500 మిల్లీగ్రాముల అమినోఫిలిన్ కలిపితే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము, అంటే పంపు గంటకు 30 మిల్లీలీటర్లకు పెట్టాలి. కిలోకు గంటకు 0.5 మిల్లీగ్రాము అని వార్డు చార్టుల్లో కనబడే అంకె ఇదే.

రోగి కోలుకుని మాత్రలకు మారితే ఇదే గంట లెక్కను 12 గంటలకు సాగదీయాలి. గంటకు 24 చొప్పున 12 గంటలకు 288 మిల్లీగ్రాముల థియోఫిలిన్. ఇక్కడ సాల్ట్ ఫ్యాక్టర్ వేయను, ఎందుకంటే మాత్రలో ఉన్నది థియోఫిలినే. బాగా పీల్చుకుంటుంది కాబట్టి `F` దాదాపు 1. దొరికే మాత్ర 300 మిల్లీగ్రాముల నెమ్మదిగా కరిగేది అయితే 12 గంటలకు ఒకటి. వెనక్కి లెక్కిస్తే సగటు స్థాయి 10.4 వస్తుంది, సరిపోయింది.

లోడింగ్ డోస్ ఇవ్వకుండా డ్రిప్ ఒక్కటే పెడితే ఏమవుతుందని అడగవచ్చు. చివరికి అదే 10 కి చేరుతుంది, కాకపోతే ఆలస్యంగా. ఎంత ఆలస్యమో చెప్పేది హాఫ్ లైఫ్, అందులో వాల్యూమ్, క్లియరెన్స్ రెండూ కలుస్తాయి.

```
t½ = 0.693 × V / CL = 0.693 × 30 / 2.4 ≈ 8.7 h
```

డ్రిప్ మొదలైన 8.7 గంటలకు స్థాయి 5, పదిహేడున్నర గంటలకు 7.5. పూర్తిగా 10 దగ్గరికి చేరాలంటే నాలుగైదు హాఫ్ లైఫ్‌లు, అంటే ఒకటిన్నర రోజు పైన. ఊపిరాడని మనిషి అంతసేపు ఆగలేడు కాబట్టే లోడింగ్ డోస్. హాఫ్ లైఫ్ చిన్నదైన మందుకు, లేదా తొందర లేని రోగానికి దాని అవసరమే ఉండదు. మరొకటి, రోగి అప్పటికే ఇంట్లో థియోఫిలిన్ మాత్రలు వాడుతుంటే పూర్తి డోస్ ఇవ్వకూడదు. రక్తంలో ఇప్పటికే 6 ఉందనుకో, ఎక్కాల్సింది 4 మాత్రమే. 4 ని 30 తో గుణిస్తే 120, అమినోఫిలిన్‌గా 150 మిల్లీగ్రాములు. చరిత్ర అడగకుండా 375 ఎక్కిస్తే స్థాయి 16 కు పోతుంది.

ఇక నీ వైవా ప్రశ్నకు అసలు సంగతి. ఇదే 60 కిలోల రోగికి లివర్ సిరోసిస్ గానీ, తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ గానీ ఉందనుకుందాం. రెండింటిలోనూ థియోఫిలిన్ క్లియరెన్స్ సగానికో, అంతకంటే తక్కువకో పడిపోతుంది. లెక్క కోసం 0.4 వంతు అనుకుంటే 2.4 కాస్తా 0.96 అవుతుంది. వాల్యూమ్ మాత్రం 30 చుట్టూనే ఉంటుంది. కాబట్టి లోడింగ్ డోస్ అదే 375. ఇప్పుడు ఎవరో ఈ జబ్బు సంగతి పట్టించుకోకుండా డ్రిప్ కూడా మామూలు రోగికి పెట్టినట్టే గంటకు 30 పెట్టారనుకో.

మొదటి లెవల్ తీస్తారు. 10. అందరూ సంతోషిస్తారు. కానీ ఆ 10 చెప్పింది వాల్యూమ్ సరిగ్గా ఉందని మాత్రమే, క్లియరెన్స్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. డ్రిప్ వేగాన్ని కొత్త క్లియరెన్స్‌తో భాగిస్తే చివరికి చేరబోయే స్థాయి తెలుస్తుంది: 24 ని 0.96 తో భాగిస్తే 25. విషమయ్యే స్థాయి. హాఫ్ లైఫ్ కూడా 21.7 గంటలకు సాగింది కాబట్టి అక్కడికి నెమ్మదిగా పాకుతుంది. 12 గంటలకు 14.8, ఒక రోజుకు 18, రెండు రోజులకు 22 దగ్గర. రోగికి వాంతులు, గుండెదడ, చేతులు వణకడం మొదలయ్యేది రెండోరోజు రాత్రి కావచ్చు. కొందరికి ఈ సూచనలేవీ లేకుండానే నేరుగా ఫిట్స్ వస్తాయి. లోడింగ్ డోస్ తప్పితే గంటలో బయటపడుతుంది. మెయింటెనెన్స్ డోస్ తప్పితే, ముందు ఇచ్చిన మంచి లోడింగ్ డోసే ఆ తప్పును ఒక రోజు దాచిపెడుతుంది.

దాన్ని పట్టుకోవాలంటే 12 గంటల దగ్గర ఇంకో లెవల్ తీయాలి. రెండు లెవల్స్ చేతిలో ఉంటే క్లియరెన్స్‌ను కూడికలు తీసివేతలతోనే రాబట్టవచ్చు. నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

12 గంటల్లో ఒంట్లోకి వెళ్లిన థియోఫిలిన్: గంటకు 24 చొప్పున 288 మిల్లీగ్రాములు. స్థాయి 10 నుంచి 14.8 కు పెరిగింది, అంటే లీటరుకు 4.8. 30 లీటర్లకు ఒంట్లో నిల్వ పెరిగింది 144 మిల్లీగ్రాములు. వెళ్లింది 288, మిగిలింది 144, కాబట్టి బయటికి పోయింది 144. 12 గంటల్లో 144 అంటే గంటకు 12. ఆ సమయంలో సగటు స్థాయి 10 కీ 14.8 కీ మధ్య, 12.4. గంటకు పోయినదాన్ని సగటు స్థాయితో భాగిస్తే క్లియరెన్స్.

```
CL = 12 mg/h ÷ 12.4 mg/L ≈ 0.97 L/h
```

మనం దాచిపెట్టిన 0.96 దాదాపు అలాగే బయటపడింది. కొత్త మెయింటెనెన్స్ డోస్: 10 ని 0.97 తో గుణిస్తే థియోఫిలిన్ గంటకు 9.7, అమినోఫిలిన్‌గా గంటకు సుమారు 12. ముందు పెట్టిన 30 ఎక్కడ, ఈ 12 ఎక్కడ! వేగం తగ్గించినంత మాత్రాన 14.8 వెంటనే దిగిరాదు, నాలుగు రోజుల దాకా పట్టవచ్చు. తొందరగా దిగాలంటే డ్రిప్ ఆపాలి. ఈ రోగిలో ఆపిన 12 గంటలకు స్థాయి 10 కి వస్తుంది, అప్పుడు 12 తో తిరిగి మొదలుపెట్టవచ్చు. అంతసేపు ఆపాలా, కొంచెం ఎక్కువే ఉంటే ఫరవాలేదా అన్నది రోగి పరిస్థితి చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

క్లియరెన్స్‌ను మార్చేవి జబ్బులే కాదు. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ తగ్గిస్తాయి. ఛాతీ ఇన్‌ఫెక్షన్‌కని మధ్యలో సిప్రోఫ్లాక్సాసిన్ మొదలుపెడితే అప్పటిదాకా సరిపోయిన డ్రిప్ ఎక్కువైపోతుంది. బీడీలు, సిగరెట్లు తాగేవాళ్లలో క్లియరెన్స్ ఒకటిన్నర రెట్ల పైనే ఉంటుంది. వీటన్నిటిలోనూ నీ ప్రశ్నకు జవాబు అదే: క్లియరెన్స్ మారితే మెయింటెనెన్స్ మారుతుంది, లోడింగ్ మారదు.

వైవాలో తెలివైన ఎగ్జామినర్ ఇక్కడే కొర్రీ వేస్తాడు, "ఎప్పుడూ మారదా?" అని. మారుతుంది, వాల్యూమ్ మారినప్పుడు. డిగాక్సిన్‌కు కిడ్నీ ఫెయిల్యూర్‌లో క్లియరెన్స్‌తో పాటు వాల్యూమ్ కూడా తగ్గుతుంది కాబట్టి దాని లోడింగ్ డోస్ కూడా తగ్గించాలి. లావుగా ఉన్నవాళ్లలో థియోఫిలిన్ కొవ్వులోకి పెద్దగా వెళ్లదు. 100 కిలోల మనిషికి ఎత్తుకు తగ్గ ఆదర్శ బరువుతో లెక్కించాలి గానీ తూకపు బరువుతో కాదు.

ఈ పద్ధతి పనిచేయని మందు ఒకటి చెప్పాలి, ఫెనిటాయిన్. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ మామూలు డోసులకే నిండిపోతుంది, స్థాయి పెరిగేకొద్దీ క్లియరెన్స్ తగ్గిపోతుంది. అందువల్ల ఒక క్లియరెన్స్ అంకె పట్టుకుని మెయింటెనెన్స్ లెక్కిస్తే తప్పు వస్తుంది. లోడింగ్ డోస్‌కు మాత్రం ఇదే సూత్రం ఎంచక్కా పనిచేస్తుంది, ఎందుకో నీకు ఇప్పుడు తెలుసు.

నేను ఇచ్చిన కిలోకు 0.5, 0.04 అన్నవి సగటు అంకెలు. ఒక్కో మనిషిలో క్లియరెన్స్ రెండు మూడు రెట్లు తేడా ఉండవచ్చు. ఇవి మొదటి డోస్ అంచనాకు, నీ అభ్యాసానికి. రోగికి ఇచ్చేటప్పుడు లెవల్ చూసి, డాక్టరు సరిచేస్తారు.

ఒక లెక్క నువ్వే చేయి. 50 కిలోల మనిషి, బీడీలు తాగుతాడు, క్లియరెన్స్ మామూలుకు 1.6 రెట్లు. థియోఫిలిన్ ఇంతకుముందు వాడలేదు. స్థాయి 10 కావాలి, చేతిలో అమినోఫిలిన్ ఉంది. లోడింగ్ డోస్ 312.5 మిల్లీగ్రాములు, ఆంప్యూల్‌లో పన్నెండున్నర మిల్లీలీటర్లు, డ్రిప్ గంటకు 40 మిల్లీగ్రాములు, హాఫ్ లైఫ్ సుమారు 5.4 గంటలు రావాలి. డ్రిప్ 25 వచ్చిందంటే 1.6 తో గుణించడం మరిచావు. లోడింగ్ డోస్ 500 వచ్చిందంటే ఆ 1.6 ను వాల్యూమ్‌కు తగిలించావు.